ఆన్‌లైన్ రీసెల్లింగ్ లాభం: టర్నోవర్‌లో 6 శాతం చూపాలా, అసలు లెక్క చూపాలా?

జీతం పక్కనో, చదువు పక్కనో చీరలు, చెప్పులు, ఫోన్ కవర్లు, సెకండ్‌హ్యాండ్ ఫోన్లు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "దీని మీద టాక్స్ ఎంత పడుతుంది?" అని. రీసెల్లింగ్‌కంటూ వేరే టాక్స్ రేటు ఏమీ లేదు. లాభం ఎంతో తేల్చి జీతానికి కలిపితే, మొత్తం ఏ శ్లాబులో పడితే ఆ రేటే. కాబట్టి అసలు తలనొప్పి రేటు దగ్గర కాదు, లాభం ఎంతని చూపాలన్న దగ్గర. దానికి చట్టంలో రెండు దారులున్నాయి. ఒకటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 44ఏడీ: ఖర్చుల లెక్కలేవీ చెప్పకుండా అమ్మకాల్లో ఇంత శాతం లాభం అని రాసి ఐటీఆర్-4 అనే రిటర్ను ఫారం వేయడం. రెండోది కొన్నదెంత, అమ్మిందెంత, ఖర్చెంత అని నిజం లెక్క రాసి ఐటీఆర్-3 వేయడం. మొదటిది తేలిక కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు, కానీ అది అందరికీ వర్తించదు, వర్తించేవాళ్లకు కూడా అన్నిసార్లూ లాభం కాదు. కింద చెప్పే అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి. 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే, పాత నంబర్లే.

మూడో దారి ఒకటుంది, చాలామంది నిజానికి చేసేది అదే. ఉద్యోగులు ఎప్పట్లాగే ఐటీఆర్-1 తెరిచి, మిగిలిందేదో "ఇతర ఆదాయం" గడిలో రాసేసి చేతులు దులుపుకుంటారు. పాత ఫోనో, వాడిన సోఫానో అమ్ముకుంటే అసలు రాయాల్సిన పనే లేదు, ఇంట్లో వాడుకునే వస్తువులు అమ్మితే వచ్చే డబ్బు ఆదాయం కిందకు రాదు (బంగారం, నగలు వేరే సంగతి). కానీ అమ్మడం కోసమే కొని, నెలనెలా అమ్ముతుంటే అది వ్యాపారం, వ్యాపార ఆదాయానికి ఐటీఆర్-1లో చోటు లేదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్, అంటే మీ లావాదేవీల వార్షిక సమాచార పట్టిక, తెరిస్తే ప్లాట్‌ఫామ్ పంపిన అమ్మకాల అంకె చాలాసార్లు అక్కడ కూర్చుని ఉంటుంది. మీ రిటర్నులో ఆ ఊసే లేకపోతే తేడా వాళ్లకు కనపడుతుంది, ఫారమే తప్పు అని నోటీసు వచ్చే అవకాశం ఉంది. అందుకని ఈ దారిని పక్కన పెట్టేద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది: సరుకు ఎవరిది?

రీసెల్లింగ్ అని మనం ఒకే మాట వాడతాం గానీ, టాక్స్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పనులు. మీరు హోల్‌సేల్‌లో సరుకు మీ డబ్బుతో కొని, ఇంట్లో పెట్టుకుని, ఆర్డర్ వచ్చినప్పుడు ప్యాక్ చేసి పంపుతుంటే మీరు వ్యాపారి. పోయినా పగిలినా నష్టం మీదే. అలా కాకుండా యాప్‌లో కేటలాగ్ ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి, ఆర్డర్ వస్తే మీ మార్జిన్ కలిపి అక్కడే బుక్ చేస్తే, సరుకు సప్లయర్ దగ్గర నుంచి నేరుగా కొన్నవాళ్ల ఇంటికి వెళ్తుంది, మీకు మార్జిన్ మాత్రమే ఖాతాలో పడుతుంది. ఇందులో మీరు వస్తువును ఎప్పుడూ కొనలేదు, అమ్మలేదు. మీకొచ్చేది కమిషన్.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, కమిషన్, బ్రోకరేజీ ఆదాయానికి 44ఏడీ వర్తించదని చట్టంలోనే ఉంది. లింకులు పంచి ఏడాదికి 90 వేలు మార్జిన్ సంపాదించినవాళ్లు "నా టర్నోవర్ 90 వేలు, అందులో 6 శాతం అంటే 5,400 లాభం" అని ఐటీఆర్-4 వేస్తుంటారు. అది చెల్లదు. వాళ్లకు ఐటీఆర్-3 ఒక్కటే దారి: 90 వేలు రాబడి చూపి, అందులోంచి నిజంగా ఆ పని కోసం పెట్టిన ఖర్చు, అంటే రీఛార్జిలో కొంత భాగం, ప్రచారానికి పెట్టిన డబ్బు లాంటివి తీసేసి, మిగిలింది లాభం అని రాయాలి.

మీరు ఏ కోవలో ఉన్నారో తేల్చుకోవడానికి రెండు ఆనవాళ్లున్నాయి. కొన్నవాళ్లకు వెళ్లిన బిల్లు మీద అమ్మినవారుగా ఎవరి పేరుందో చూడండి, అది మీ పేరు కాకపోతే దాదాపు తేలిపోయినట్టే. రెండోది ఫారం 26ఏఎస్, అంటే మీ పాన్ మీద ముందే కోసిన టాక్స్, అదే టీడీఎస్, వివరాలుండే పత్రం. అందులో టీడీఎస్ పక్కన సెక్షన్ నంబర్ ఉంటుంది. 194H అని ఉంటే ప్లాట్‌ఫామ్ మీకిచ్చింది కమిషన్ అని సర్కారుకు చెప్పిందన్నమాట. 194O అని ఉంటే మీరు వాళ్ల సైట్‌లో అమ్మినవారని చెప్పింది. కమిషన్ మీద ఏడాదికి 20 వేలు దాటితే 2 శాతం కోస్తారు. అమ్మకం మీద కోసేది 0.1 శాతమే, అదీ పాన్ లేదా ఆధార్ ఇచ్చిన వ్యక్తికి ఏడాది అమ్మకాలు 5 లక్షలు దాటకపోతే అసలు కోయరు. కాబట్టి ఏమీ కోయకపోయినంత మాత్రాన ఆదాయం లెక్కలోకి రాదనుకోకండి.

ఇక్కడి నుంచి చెప్పేదంతా సరుకు కొని అమ్మేవాళ్ల గురించే, ఎందుకంటే ఎంచుకునే అవకాశం వాళ్లకే ఉంది.

44ఏడీలో ఏం జరుగుతుంది

అమ్మకాలు ఏడాదికి 2 కోట్ల లోపు ఉంటే (నగదు 5 శాతం మించకపోతే 3 కోట్లు) లాభాన్ని బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతంగా, చేతికి నగదుగా వచ్చినదాని మీద 8 శాతంగా చూపవచ్చు. పుస్తకాలు రాయక్కర్లేదు. అడ్వాన్స్ టాక్స్ కట్టాల్సి వస్తే నాలుగు వాయిదాలు అక్కర్లేదు, మార్చి 15 లోపు ఒకేసారి కడితే చాలు. ఇన్ని సదుపాయాలకు బదులుగా చట్టం ఒక ఖర్చును కూడా ఒప్పుకోదు. కొరియర్, ప్యాకింగ్, ప్లాట్‌ఫామ్ ఫీజు, ల్యాప్‌టాప్ అరుగుదల, అన్నీ ఆ మిగతా 94 శాతంలోనే అయిపోయాయని అనుకుంటుంది.

ఇందులో అందరూ తడబడేది టర్నోవర్ దగ్గర. వస్తువు 500కు అమ్మారు, ప్లాట్‌ఫామ్ తన ఫీజు, షిప్పింగ్ కలిపి 90 పట్టుకుని 410 మీ ఖాతాలో వేసింది. మీ టర్నోవర్ 500, 410 కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడ్డ డబ్బులన్నీ కూడి అదే టర్నోవర్ అనుకుంటే ఏఐఎస్‌లో కనపడే అంకె కంటే తక్కువ వస్తుంది, అక్కడే గొడవ మొదలవుతుంది. అలాగే వెనక్కి వచ్చిన ఆర్డర్లను టర్నోవర్‌లోంచి తీసేయాలి. బట్టలమ్మేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, సైజు సరిపోలేదని తిరిగొచ్చేవే బోలెడు. సెల్లర్ ప్యానెల్‌లో ఏడాది మొత్తానికి సేల్స్ రిపోర్టు, రిటర్న్స్ రిపోర్టు రెండూ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఎందుకంటే కొన్నాళ్లకు పాతవి అక్కడ దొరక్కపోవచ్చు.

ఒక ఉద్యోగిని లెక్క

ఒకావిడకు ఏడాది జీతం 11,40,000. కొత్త పన్ను విధానంలో ఉంది. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 10,65,000. మొత్తం ఆదాయం 12 లక్షల లోపు కాబట్టి రిబేటు వల్ల టాక్స్ సున్నా, ఆఫీసువాళ్లు కూడా ఏమీ కోయలేదు. పక్కన చీరలమ్ముతుంది. వెనక్కి వచ్చిన ఆర్డర్లు పోగా ఏడాది అమ్మకాలు 9,00,000, అంతా యూపీఐ, బ్యాంకు ద్వారానే. ఏడాదిలో కొన్న సరుకు 7,20,000.

ఇక్కడ చాలామంది 9,00,000లోంచి 7,20,000 తీసేస్తారు. అలా కుదరదు. మార్చి 31 రాత్రికి బీరువాలో మిగిలి ఉన్న చీరలు ఇంకా అమ్ముడుపోలేదు, వాటి ఖరీదు ఈ ఏడాది ఖర్చు కాదు. లెక్కపెడితే మిగిలిన సరుకు కొన్న ధరకు 90,000 తేలింది, ఏడాది మొదట్లో పాత సరుకేమీ లేదు. అంటే అమ్మిన చీరలకు పెట్టింది 6,30,000. కొరియర్‌కు 81,000, ప్యాకింగ్‌కు, ప్రచారానికి కలిపి 24,000. మొత్తం ఖర్చు 7,35,000, నిజమైన లాభం 1,65,000. అమ్మకాల్లో 18 శాతం పైచిలుకు.

ఆవిడ ఐటీఆర్-3లో ఈ లెక్క చూపిస్తే మొత్తం ఆదాయం 12,30,000. పన్నెండు లక్షలు దాటిపోయింది. శ్లాబుల ప్రకారం 64,500 రావాలి, కానీ దాటింది 30 వేలే కాబట్టి మార్జినల్ రిలీఫ్ వల్ల టాక్స్ 30,000 దగ్గర ఆగుతుంది, సెస్ 1,200 కలిపి 31,200. అదే 44ఏడీలో 6 శాతం చూపిస్తే లాభం 54,000, మొత్తం 11,19,000, టాక్స్ సున్నా.

ఇంకేం, 44ఏడీయే అనిపిస్తుంది కదా. కానీ సెక్షన్‌లో మాట "6 శాతం, లేదా అంతకంటే ఎక్కువ సంపాదించానని మీరు చెబితే ఆ మొత్తం" అని ఉంటుంది. కనీసం చెప్పాల్సింది 6 శాతం, అంతకు మించి చెప్పడం మీ ఇష్టం అని చాలామంది సీఏలు దీన్ని అర్థం చేసుకుంటారు, అందుకే 6 శాతం వేసి ఊరుకోమంటారు. చిక్కు ఎక్కడొస్తుందంటే, రిటర్నులో 54,000 లాభం చూపి, అదే వ్యాపారం డబ్బుతో లక్షన్నర ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఆ మిగతా డబ్బు ఎక్కడిదని అడిగే హక్కు అధికారికి ఉంటుంది. జీతంలోంచి మిగిల్చాను అని చూపగలిగితే సరే. నా మట్టుకు నేను చెప్పేది, లాభం 7, 8, 10 శాతం చుట్టూ ఊగుతూ ఖచ్చితంగా తెలియనప్పుడు 44ఏడీ పెట్టింది అందుకే, నిశ్చింతగా వాడుకోండి. ఎక్సెల్ షీటులో రూపాయితో సహా 1,65,000 అని మీరే రాసుకుని, రిటర్నులో మాత్రం 54,000 అనడం నాకు నచ్చదు. ఐటీఆర్-4లోనే 1,65,000 రాయవచ్చు, అదే ఫారం, పుస్తకాల బాధ లేకుండా. టాక్స్ 31,200 వస్తుంది, నిద్ర కూడా వస్తుంది.

మార్జిన్ తక్కువైతే కథ తిరగబడుతుంది

సెకండ్‌హ్యాండ్ ఫోన్లు తిప్పేవాళ్ల లెక్క చూడండి. అమ్మకాలు 14,00,000, ఒక్కో ఫోన్ మీద మిగిలేది తక్కువ, రెండు ఫోన్లు బోర్డు పోయి మూలన పడ్డాయి, ఏడాది చివరికి చేతిలో మిగిలింది 35,000. అంటే 2.5 శాతం. 44ఏడీ ప్రకారం 6 శాతం, అంటే 84,000 లాభం వచ్చినట్టు. రాని 49,000 మీద టాక్స్ కట్టాలి. 20 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి సెస్‌తో కలిపి అదనంగా పడేది 10,192. ఆ పది వేలు మిగుల్చుకోవాలంటే ఐటీఆర్-3 వేయాలి, కొన్న ప్రతి ఫోన్‌కు ఏదో ఒక ఆధారం ఉండాలి. ఇందులో పెద్ద బలహీనత ఏంటంటే పాత ఫోన్లు మనుషుల దగ్గర కొంటారు, బిల్లు ఉండదు. యూపీఐలో కడితే కనీసం ఆ రికార్డు, చాట్ స్క్రీన్‌షాట్, ఐఎంఈఐ నంబర్ రాసుకుంటే కొనుగోలు ఉందని చూపగలరు. చేతికి నగదిచ్చి కొన్నవి చూపలేరు. సీఏ ఫీజు ఆ పది వేలకు దగ్గరగా ఉంటే, పోనీలే అని 44ఏడీలో 84,000 చూపడమే చవక. ఇది పరువు సమస్య కాదు, కూడికా తీసివేతా మాత్రమే.

నష్టమే వచ్చిందనుకోండి, దాన్ని జీతంలోంచి తీసేసి టాక్స్ తగ్గించుకోవచ్చని కొందరు ఆశపడతారు. వ్యాపార నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేయడం కుదరదు. గడువులోపు రిటర్ను వేస్తే ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి, తర్వాత వచ్చే వ్యాపార లాభంలోంచి తీసుకోవచ్చు, అంతే. గడువు దాటితే అదీ పోతుంది.

ఐటీఆర్-3 అంటే వంద పేజీల బ్యాలెన్స్ షీటు అని భయపడేవాళ్లకు ఒక మాట. వ్యాపార ఆదాయం 2.5 లక్షలు గానీ, అమ్మకాలు 25 లక్షలు గానీ గత మూడేళ్లలో ఏ ఏడాదీ దాటనివాళ్లు, మొదటి ఏడాదైతే ఈ ఏడాది దాటుతుందని అనుకోనివాళ్లు, పూర్తి ఖాతా పుస్తకాలు రాయాల్సిన పని లేదు. ఫారంలోనే అలాంటి వాళ్లకు వేరే చోటుంది: మొత్తం రాబడి, స్థూల లాభం, ఖర్చులు, నికర లాభం, ఇంకా రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సినవి, మిగిలిన సరుకు, నగదు. అన్నీ ఒక పేజీలో సరిపోయే అంకెలే. అయితే ఫారం మాత్రం పొడవే, ఖాళీగా వదిలేయాల్సిన గడులే ఎక్కువ.

ఉద్యోగికి ఉన్న ఉచ్చు, విద్యార్థికి లేనిది

ఇది నేను ఎవరికైనా ముందుగా చెప్పేది. ఒకసారి 44ఏడీ ఎంచుకుంటే తర్వాతి ఐదేళ్లూ అదే దారిలో ఉండాలని చట్టం ఆశిస్తుంది. మధ్యలో ఏ ఏడాదైనా "ఈసారి లాభం రాలేదు, 3 శాతమే" అని 6 శాతం కంటే తక్కువ చూపిస్తే, ఆ తర్వాత ఐదేళ్లు 44ఏడీ వాడుకోలేరు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది: అలా తప్పుకున్నవాళ్ల మొత్తం ఆదాయం కనీస మినహాయింపు పరిమితి, అంటే కొత్త విధానంలో 4 లక్షలు దాటితే, పుస్తకాలు రాయాలి, సీఏ చేత టాక్స్ ఆడిట్ చేయించాలి. టర్నోవర్ కోటి అక్కర్లేదు, 3 లక్షలైనా సరే.

జాగ్రత్తగా చూడండి, ఆ 4 లక్షలు మొత్తం ఆదాయం, వ్యాపారంలోది మాత్రమే కాదు. ఉద్యోగికి జీతంతోనే అది దాటిపోతుంది. కాబట్టి ఆరు లక్షలు జీతం ఉన్న మనిషి, పోయినేడు 44ఏడీలో వేసి, ఈ ఏడాది 3 లక్షల అమ్మకాల మీద 9,000 లాభం వచ్చిందని చూపితే ఆడిట్ మెడకు చుట్టుకుంటుంది. తొమ్మిది వేల లాభానికి ఆడిట్ ఫీజు కట్టడం కంటే 6 శాతం ప్రకారం 18,000 అని చూపడమే నయం, ఆ జీతానికి ఎలాగూ రిబేటులో టాక్స్ పోతుంది. అదే విద్యార్థికి వేరే ఆదాయం లేకపోతే మొత్తం 4 లక్షల లోపే ఉంటుంది, మధ్యలో తప్పుకున్నా ఆడిట్ రాదు. మొదటి ఏడాది నుంచే 44ఏడీ జోలికి పోకుండా అసలు లాభం చూపుతూ వచ్చినవాళ్లకు కూడా ఈ ఐదేళ్ల గొడవ లేదు.

కాబట్టి ఉద్యోగి వేసుకోవాల్సిన ప్రశ్న "ఈ ఏడాది ఏది తక్కువ?" అని మాత్రమే కాదు, వచ్చే రెండు మూడేళ్లలో నా మార్జిన్ 6 శాతం కిందకు పడే అవకాశం ఉందా అని. చీరలు, చేతి పనులు, కాస్మెటిక్స్ లాంటి వాటిలో మార్జిన్ ఉంటుంది, 44ఏడీ నిలబడుతుంది. ఫోన్లు, ఎలక్ట్రానిక్స్, ఇలా ఊగిసలాడేవైతే మొదటి నుంచీ ఐటీఆర్-3 అలవాటు చేసుకోవడం మేలు.

ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. ఐటీఆర్-4 అందరూ వేయలేరు. షేర్లు కొన్నాళ్లకే అమ్మి స్వల్పకాలిక లాభం పొందినవాళ్లు, విదేశీ ఆస్తి ఉన్నవాళ్లు (కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు కూడా ఇందులోకే వస్తాయి) ఐటీఆర్-3కే వెళ్లాలి. అక్కడా 44ఏడీ ప్రకారం లాభం చూపుకోవచ్చు, ఫారం మాత్రమే మారుతుంది.

పాత విధానంలో ఉన్న ఉద్యోగులకు

ఇంటి అద్దె అలవెన్సు, ఇంటి లోను వడ్డీ చూపుకోవడానికి పాత విధానమే లాభం అనుకునే ఉద్యోగి, ప్రతి ఏడాదీ పాతదా కొత్తదా అని మార్చుకుంటూ పోవచ్చు. వ్యాపార ఆదాయం వచ్చి చేరగానే ఆ స్వేచ్ఛ పోతుంది. పాతది కావాలంటే రిటర్ను గడువులోపు ఫారం 10-IEA వేయాలి, ఒకసారి పాతదానికి వెళ్లి మళ్లీ కొత్తదానికి వచ్చేస్తే, వ్యాపార ఆదాయం ఉన్నంత కాలం తిరిగి పాతదానికి వెళ్లలేరు. 44ఏడీ అయినా, అసలు లెక్క అయినా ఇది ఒకటే. ఇరవై వేల సైడ్ ఆదాయం కోసం లక్షల హోమ్‌లోన్ లెక్క చిక్కుల్లో పడొచ్చు, మొదటి రిటర్ను వేసేముందే రెండు విధానాల్లోనూ అంకెలు వేసి చూసుకోండి.

విద్యార్థి అయితే

వేరే ఆదాయం లేని విద్యార్థికి టాక్స్ టెన్షన్ దాదాపు లేదు. 4 లక్షల లోపు లాభానికి టాక్స్ లేదు, మామూలుగా రిటర్ను కూడా తప్పనిసరి కాదు, 12 లక్షల దాకా రిబేటు ఎలాగూ ఉంది (దానికి మాత్రం రిటర్ను వేయాలి). అయినా వేయమనే చెబుతాను. ఒక కారణం టీడీఎస్. ప్లాట్‌ఫామ్‌లో 6 లక్షల అమ్మకాలు చేస్తే 0.1 శాతం లెక్కన 600 దాకా పట్టుకుంటారు, కమిషన్ మోడల్‌లో అయితే లక్షకు 2,000. రిటర్ను వేస్తేనే అవి తిరిగొస్తాయి. రెండోది, రేపు బ్యాంకు లోనుకో, వీసాకో ఆదాయం చూపాల్సి వచ్చినప్పుడు ఇవే పనికొస్తాయి. అందుకే విద్యార్థి 44ఏడీలో వేసినా 6 శాతం దగ్గర ఆగక్కర్లేదు. 6 లక్షల అమ్మకాల మీద నిజంగా 1,10,000 మిగిలితే 36,000 కాకుండా 1,10,000 అనే రాయండి, టాక్స్ రెండింటికీ సున్నాయే, కాగితం మీద ఆదాయం మాత్రం నిజంది ఉంటుంది.

విద్యార్థుల దగ్గర నిజంగా చిక్కొచ్చేది వేరే చోట. సెల్లర్ ఖాతా అమ్మ పాన్ మీద, డబ్బులు నాన్న యూపీఐలోకి, పని చేసేది మాత్రం పిల్లాడు. ప్లాట్‌ఫామ్ పంపే వివరాలు పాన్ ఎవరిదైతే వాళ్ల ఏఐఎస్‌లో పడతాయి. నాన్న జీతగాడైతే ఆయన ఖాతాలోకి వచ్చే చిల్లర జమలకు ఆయనే సమాధానం చెప్పుకోవాలి. పద్దెనిమిది నిండితే సొంత పాన్, సొంత బ్యాంకు ఖాతా, అందులోనూ ఈ అమ్మకాలకే ఒక ఖాతా పెట్టుకోవడం అన్నింటికంటే మంచిది. పద్దెనిమిది నిండనివాళ్లు సంపాదిస్తే, అది వాళ్ల సొంత శ్రమ వల్లో, ప్రత్యేక నైపుణ్యం వల్లో వచ్చిన ఆదాయమైతే తప్ప, తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి దానికి కలుస్తుంది. కొని అమ్మే వ్యాపారాన్ని నైపుణ్యం అని ఒప్పించడం కష్టమే.

జీఎస్టీ వేరే లెక్క, దాన్ని ఇందులో కలపకండి. ఒక్కటి మాత్రం తెలిసి ఉండాలి: ప్లాట్‌ఫామ్ మీద వేరే రాష్ట్రాలకు కూడా సరుకు అమ్మాలంటే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలి. సొంతంగా, రాష్ట్రం లోపలే అమ్మేవాళ్లకు పరిమితి ఆంధ్రాలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ప్రభుత్వ ఉద్యోగులైతే టాక్స్ కంటే ముందు ప్రవర్తనా నియమాలు చూసుకోవాలి, అనుమతి లేకుండా సొంత వ్యాపారం చేయకూడదు, రిటర్నులో చూపితే అదే సాక్ష్యం అవుతుంది.

ఇక కట్టే సమయం. జీతం మీద టీడీఎస్ పోగా ఇంకా కట్టాల్సింది 10 వేలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అడ్వాన్స్ టాక్స్ వర్తిస్తుంది. చీరల ఆవిడ 31,200 ఆఫీసు కోయలేదు కాబట్టి ఆవిడే కట్టాలి: 44ఏడీలో చూపితే మార్చి 15 లోపు మొత్తం, అసలు లెక్కలో అయితే జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 వాయిదాల్లో. మరిచిపోయి రిటర్ను వేసేటప్పుడు కడితే ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం వడ్డీ, వాయిదాలు తప్పినందుకు ఇంకొంత. దీన్ని తప్పించుకునే తేలిక దారి కూడా ఉంది. పేరోల్ వాళ్లకు వేరే ఆదాయం ఇంత ఉందని రాసిస్తే మిగిలిన నెలల జీతంలోంచే సర్ది కోస్తారు. అయితే ఆ కాగితంతో మీ సైడ్ వ్యాపారం సంగతి ఆఫీసుకు తెలుస్తుంది, మీ ఉద్యోగ ఒప్పందంలో బయట పని చేయకూడదని ఉంటే మాత్రం మార్చి మొదటి వారంలో మీరే ఇ-పే టాక్స్‌లోకి వెళ్లి, అడ్వాన్స్ టాక్స్ అని ఎంచుకుని, 2025-26 ఆదాయానికైతే అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అని సరిగా ఉందో లేదో చూసుకుని కట్టడం నయం. ఆర్థిక సంవత్సరానికీ అసెస్‌మెంట్ ఇయర్‌కీ తికమకపడి తప్పు ఏడాదికి కట్టేస్తే, అది సరిచేయించుకునే దాకా రిటర్నులో ఆ చలానా కనపడదు.